‘సంతోషం 🙂’ అన్న మాటను ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ముందుగా ఈ వాట్సాప్ సంభాషణ చదవండి. ఉదాహరణ కోసం నేను అల్లిందే అయినా, విడాకుల కేసుల ఫైళ్లలో ఇలాంటివి పేజీల కొద్దీ ఉంటాయి. భర్త హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. భార్య, నాలుగేళ్ల పాప విజయవాడలో ఉంటున్నారు.

భర్త: ఈ వారం కూడా రావడం కుదరదు. ఆఫీసులో పని 😔
భార్య: సంతోషం 🙂
భర్త: అర్థం చేసుకున్నందుకు థాంక్స్ ❤️
భార్య: పనట పాపం. తమరు ఎంత బిజీయో మాకు తెలీదా
భార్య: పాప మాత్రం నాన్న అంటే ఎవరమ్మా అని అడుగుతోంది 😂
భర్త: 👍
భార్య: మీకో దండం సార్ 🙏🙏🙏

ఆవిడ మండిపడుతోందని తెలుగు తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఈ కేసు హైకోర్టుకు వెళితే కథ మారుతుంది. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టులోనూ హైకోర్టుల్లోనూ వ్యవహారాలు ప్రధానంగా ఇంగ్లీషులోనే నడవాలి. కింది కోర్టులో తెలుగులోనే చదివిన సంభాషణ పై కోర్టుకు అనువాదంగా వెళుతుంది. అక్కడి న్యాయమూర్తి మాతృభాష తమిళం కావచ్చు, హిందీ కావచ్చు. ఆయన ముందుండేది అనువాదకుడు రాసిన కాగితం ఒక్కటే.

ఇప్పుడు ఆ ఏడు వరసల్నీ నిఘంటువు పక్కన పెట్టుకుని మాటకు మాట ఇంగ్లీషులో పెడితే ఏమవుతుందో చూడండి. ‘సంతోషం’ కాస్తా ‘ఐయామ్ హ్యాపీ’ అవుతుంది. ‘తమరు ఎంత బిజీయో మాకు తెలీదా’ అన్నది ‘మీరెంత తీరిక లేకుండా ఉన్నారో మాకు తెలుసు’ అనే సానుభూతి వాక్యమవుతుంది. ‘మీకో దండం సార్’ ‘సెల్యుటేషన్స్ సర్’గా మారిపోతుంది. పక్కనే చిరునవ్వు బొమ్మ, పడీపడీ నవ్వే బొమ్మ, చేతులు జోడించిన బొమ్మ ఎలాగూ ఉన్నాయి. భర్త రాకపోయినా ఆవిడకు అభ్యంతరం లేదనీ, సంతోషంగా ఒప్పుకుందనీ భర్త తరఫు వకీలు వాదించడానికి ఆ కాగితం చాలు. అందులో తప్పుగా అనువదించిన పదం ఒక్కటీ లేదు. మొత్తం అనువాదం మాత్రం తప్పు.

సాధారణంగా ఇక్కడ రెండు సలహాలు వినిపిస్తాయి. ఎమోజీ ప్రపంచ భాష కాబట్టి దాన్ని అలాగే ఉంచితే స్వరం దానంతటదే దాటుతుందన్నది ఒకటి. వెటకారం ఉన్నచోట అసలు భావాన్ని సూటిగా రాసెయ్యాలి, ‘సంతోషం’ను ‘నాకు చాలా కోపంగా ఉంది’ అని మార్చాలి అన్నది రెండోది. నా దృష్టిలో రెండూ పనికిరావు. వెటకారం ఒక్క పదంలోనో ఒక్క బొమ్మలోనో ఉండదు. విన్న వార్తకూ ఇచ్చిన జవాబుకూ పొంతన కుదరకపోవడంలో ఉంటుంది. రాలేనని కబురొస్తే ‘సంతోషం’ అనడంలో ఉంది ఆవిడ కోపం. అనువాదకుడు దాటించాల్సింది ఆ పొంతన లేనితనాన్నే. ‘కోపంగా ఉంది’ అని రాసేస్తే అది చెరిగిపోతుంది. ఆవిడ అనని మాటను ఆవిడ నోట పెట్టినట్టవుతుంది కూడా.

మరి ఎలా రాయాలి? ఒక్కో వరసే చూద్దాం.

‘సంతోషం’ తెలుగులో ఒక్క మాటతో ముగిసిన వాక్యం. ఇంగ్లీషులోనూ ఒక్క మాటతో ముగించి, పక్కన చుక్క పెట్టి, ‘లవ్లీ.’ అనో ‘హౌ నైస్.’ అనో రాస్తే ఆ పొడితనం నిలుస్తుంది. చెడ్డ వార్తకు జవాబుగా ఆ మాట కనిపిస్తే ఇంగ్లీషు చదివేవాళ్లు కాసేపు ఆగుతారు. ‘ఐయామ్ హ్యాపీ’ అని పూర్తి వాక్యం రాస్తే ఆగరు, నమ్మేస్తారు.

‘పనట పాపం’లో అసలు పని చేస్తున్నది చివరి ‘అట’. తెలుగులో అది వినికిడి ప్రత్యయం. ఎవరో చెబితే విన్నాను, నేను చూడలేదు అని చెప్పడానికి వాడతాం. ఎదురుగా ఉన్న మనిషి ఇప్పుడే చెప్పిన మాటకు దాన్నే తగిలిస్తే, నీ మాట నేను నమ్మడం లేదు అని చెప్పినట్టే. ఇంగ్లీషులో ఇందుకు సరిపడే ప్రత్యయం లేదు. ‘సో కాల్డ్ వర్క్’ అని రాస్తే అది నేరుగా నింద అవుతుంది, మోతాదు మించిపోతుంది. ‘వర్క్, హీ సేస్. పూర్ థింగ్.’ అన్న వాక్యం దగ్గరగా వస్తుంది. ఎదుటివాడితో మాట్లాడుతూనే అతన్ని మూడో మనిషిని చేసి మాట్లాడటం అందులో నిలుస్తుంది. తెలుగు వాక్యం చేస్తున్నదీ అదే.

అన్నిటికంటే కష్టమైంది ‘తమరు’. దీని బరువు తెలియాలంటే ఈ ఏడు వరసలూ చాలవు. ఆవిడ మామూలు రోజుల్లో భర్తను ఏమని పిలుస్తుందో తెలియాలి. పాత సంభాషణల్లో ఎప్పుడూ ‘నువ్వు’ అనే మనిషి హఠాత్తుగా ‘తమరు’లోకి, ‘మాకు’లోకి, ‘సార్’లోకి ఎక్కితే అది కోపం ఎక్కిన మెట్టు. పెళ్లయిన నాటి నుంచీ ‘మీరు’, ‘అండీ’ అంటున్న మనిషైతే ఆ ఎత్తు చాలా తక్కువ. ఇంగ్లీషులో ఇద్దరికీ ఉన్నది ‘యూ’ ఒక్కటే కాబట్టి ఈ మార్పు దానంతట అది కనబడదు. ‘యువర్ హైనెస్’ అని రాస్తే సినిమా డైలాగులా మారుతుంది. వాక్యంలో ‘సర్’ అని చేర్చి, పేజీ అడుగున ఒక గమనిక రాయడం మేలు. అందులో ‘ఈమె అంతకు ముందు సందేశాల్లో భర్తను నువ్వు అని సంబోధించింది, ఇక్కడ అత్యంత గౌరవవాచకానికి మారింది’ అని చెబితే చాలు. ‘ఇది వెటకారం’ అని రాయకూడదు. మొదటిది భాష గురించిన వాస్తవం. రెండోది తీర్పు, అది న్యాయమూర్తి పని.

ఎమోజీల దగ్గరకు వస్తే, చివరి వరసలోని 🙏 మన భాషలో చాలా పనులు చేస్తుంది. యూనికోడ్ పట్టికలో దీని నెంబరు U+1F64F. అక్కడ పెట్టిన పేరుకు అర్థం ‘చేతులు జోడించిన మనిషి’ అని మాత్రమే. మొక్కుతున్నాడా, బతిమాలుతున్నాడా, ధన్యవాదం చెబుతున్నాడా అన్నది ఆ పేరులో లేదు. ఇంగ్లీషు చదివేవాళ్లు ఎక్కువగా ప్రార్థన అనో ‘ప్లీజ్’ అనో ‘థాంక్స్’ అనో తీసుకుంటారు. తెలుగులో వీటన్నిటితో పాటు ‘నీకో దండంరా బాబూ, ఇక నన్ను వదిలెయ్’ అనే నమస్కారం కూడా ఉంది. విసిగిపోయి చేతులెత్తేసే దండం అది. మూడు బొమ్మలు వరసగా పెడితే ఆ విసుగు ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి ‘మీకో దండం సార్’ను ‘సెల్యుటేషన్స్’ అనకుండా ‘ఐ గివ్ అప్, సర్’ అని రాసి, మూడు 🙏 బొమ్మల్నీ అలాగే ఉంచి, తెలుగులో ఈ నమస్కారం విసుగుకు కూడా వాడతారని గమనికలో చెప్పాలి. బొమ్మను తీసెయ్యకూడదు, ఒక్కటిగా తగ్గించకూడదు, వేరే బొమ్మ పెట్టకూడదు.

ఇక భర్త పెట్టిన 👍. కూతురు ‘నాన్న అంటే ఎవరు’ అని అడుగుతోందంటే బొటనవేలు ఎత్తి చూపించాడు. సందేశం సరిగ్గా చదవకుండా నొక్కాడా, చూశానని చెప్పాడా, ఆ మాటను లెక్కచెయ్యలేదా? అంతకు ముందు ‘అర్థం చేసుకున్నందుకు థాంక్స్’ అన్నప్పుడు వెటకారం అతనికి నిజంగా తెలియలేదా, తెలిసీ తప్పుకున్నాడా? ఈ ప్రశ్నలకు తెలుగులోనే జవాబు లేదు. తెలుగులో లేని జవాబు ఇంగ్లీషులోకి రాకూడదు. మూలంలో తలుపు తెరిచి ఉంటే అనువాదంలోనూ తెరిచే ఉంచాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఈ నిగ్రహమే.

ఈ బొటనవేలు చాలా కోర్టుల్ని ఆలోచింపజేసింది. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో 2021లో ఒక ధాన్యం కొనుగోలు సంస్థ అవిసె గింజల ఒప్పందం ఫోటో తీసి ఒక రైతుకు పంపి, ఖరారు చెయ్యమని సందేశం పెట్టింది. రైతు 👍 పెట్టాడు. గింజలు మాత్రం పంపలేదు. ఈలోగా ధర బాగా పెరిగింది. సందేశం అందిందని చెప్పడానికే ఆ బొమ్మ పెట్టానని అతని వాదన. 2023లో కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. అది ఒప్పందానికి అంగీకారమేనంటూ సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. బొమ్మకు నిఘంటువు చెప్పే అర్థం ఒక్కదానితోనే కోర్టు తేల్చలేదన్నది ఇక్కడ గమనించాలి. అదే రైతు అంతకు ముందు ఒప్పందాలకు ‘ఓకే’, ‘యప్’ లాంటి పొట్టి జవాబులిచ్చి, గింజలు పంపి, డబ్బు తీసుకున్న చరిత్ర ఉంది. ఆ అలవాటును బట్టి ఈ బొమ్మను చదివారు.

మద్రాసు హైకోర్టు మదురై బెంచి ముందుకు వచ్చిన కేసులో అదే బొమ్మ ఇంకోలా చదవబడింది. ఒక రైల్వే రక్షక దళం అధికారి హత్య గురించి వాట్సాప్ గ్రూపులో వచ్చిన సందేశానికి ఒక కానిస్టేబుల్ 👍 పెట్టాడు. హత్యను మెచ్చుకున్నాడంటూ అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తనకు వాట్సాప్ వాడకం అంతగా తెలియదని అతను చెప్పుకున్నాడు. ఆ బొమ్మను ‘ఓకే’కు బదులుగా, చూశానని చెప్పే గుర్తుగా కూడా తీసుకోవచ్చనీ, హత్యకు సంబరంగా చూడలేమనీ 2024లో డివిజన్ బెంచి అంది. అతన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న అంతకు ముందరి ఆదేశాన్ని నిలబెట్టింది. నెంబరు ఒకటే, బొమ్మ ఒకటే. కెనడాలో అది సంతకమైంది, మదురైలో రసీదు అయింది. రెండు తీర్పులూ నాకు సబబుగానే అనిపిస్తాయి. రెండు చోట్లా చూసింది ఎవరు, ఎవరికి, దేనికి జవాబుగా పెట్టారన్నదే.

అందుకే సంభాషణను అనువదించడానికి కూర్చున్నప్పుడు మొదటి పని రాయడం కాదు, వెనక్కి వెళ్లి చదవడం. గొడవ జరిగిన రోజు ఒక్కటే కాకుండా, మామూలు రోజుల సంభాషణలు కొన్ని వారాలవి చదవాలి. ఈ మనిషి 🙂 ఎప్పుడు పెడుతుంది? అత్తగారి ఆరోగ్యం బాగుందని విన్నప్పుడూ పెడుతుందా, కోపం వచ్చినప్పుడే పెడుతుందా? మన ఇళ్లలో పెద్దవాళ్లకు 🙂 అంటే నిండైన చిరునవ్వే. ఇరవైల్లో ఉన్న పిల్లలు చాలామంది దాన్ని పళ్లు బిగపట్టి నవ్వే నవ్వుగా చదువుతారు. మనిషిని బట్టి బొమ్మ అర్థం మారుతుంది కాబట్టి, ఆ మనిషి వాడుకను పెన్సిలుతో రాసుకుని పక్కన పెట్టుకోవాలి.

మాటల్లోని గుర్తులు కూడా అంతే ముఖ్యం. అచ్చుల్ని సాగదీసి ‘అవునాఆఆ’ అని రాయడం, చెడ్డ వార్తకు పొగడ్త జవాబు, హఠాత్తుగా పెరిగిన మర్యాద, ‘అట’, ‘లెండి’, ‘మరి’, ‘పాపం’ లాంటి చిన్న మాటలు తెలుగు వెటకారానికి ఇరుసులు. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తారు కాబట్టి వీటిలో సగం మసకబారతాయి. హ్రస్వమా దీర్ఘమా తెలియదు, ‘సరే లే’ అని ఊరడించిందా ‘సర్లే’ అని విదిలించిందా తేలదు. అలాంటి చోట ముందు తెలుగు లిపిలో ఎలా చదివామో రాసి, ఆ తర్వాత అనువదించాలి. ఎక్కడ ఊహించామో చదివేవాళ్లకు కనబడుతుంది. అన్నిటికంటే బలమైన ఆధారం ఎదుటి మనిషి తర్వాత ఇచ్చిన జవాబు. ‘సంతోషం’కు అతను ‘సారీ, కోప్పడకు’ అని ఉంటే వెటకారం అందిందని తెలిసిపోయేది.

ఇంత జాగ్రత్త అవసరమా అని అడిగేవాళ్లకు 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వారి సహచరులు అమెరికాలో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చెబుతాను. కొన్ని మామూలు వాక్యాలు, కొన్ని వెటకారపు వాక్యాలు ఈమెయిల్లో పంపించారు. తాము ఏ ఉద్దేశంతో రాశారో చదివేవాళ్లు 78 శాతం సార్లు పట్టుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజంగా పట్టుకున్నది 56 శాతమే. నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోతాయి, దానికంటే కాస్త మెరుగు అంతే. అవే వాక్యాలు గొంతుతో వినిపించినప్పుడు 73 శాతం దాకా సరిగ్గా పట్టుకున్నారు. ఒకే భాషలో, ఒకే దేశంలో ఉన్నవాళ్ల మధ్యే రాతలో స్వరం ఇంతగా జారిపోతే, రెండు భాషల మధ్య ఎంత జారుతుందో ఊహించవచ్చు. తన చెవిలో ఆ వెటకారం గట్టిగా వినిపిస్తోంది కాబట్టి కాగితం మీద కూడా వినిపిస్తుందని అనువాదకుడు అనుకుంటే, ఆ ప్రయోగంలోని ఈమెయిల్ రాసినవాళ్ల పొరపాటే చేసినట్టు.

దీనికి ఉన్న పరీక్ష సులువైంది. తెలుగు సంభాషణను ఆ కేసు గురించి ఏమీ తెలియని ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లకు, పేర్లు తీసేసి చూపించాలి. ‘ఆవిడ ఒప్పుకుందా, కోప్పడిందా?’ అని అడగాలి. తర్వాత అనువాదాన్ని తెలుగు రాని ఇద్దరు ముగ్గురికి చూపించి అదే ప్రశ్న వెయ్యాలి. తెలుగువాళ్లంతా కోపమనీ, ఇంగ్లీషు చదివినవాళ్లంతా ఒప్పుకోలనీ అంటే స్వరం దారిలో రాలిపోయింది. తెలుగువాళ్లలోనే అభిప్రాయాలు చీలి, ఇంగ్లీషు చదివినవాళ్లంతా ఏకగ్రీవంగా కోపమంటే అనువాదకుడు తన తీర్పును అందులో కలిపేశాడు. రెండో తప్పు మొదటిదానికంటే కనిపెట్టడం కష్టం, ఎందుకంటే చదవడానికి ఆ అనువాదం చాలా చక్కగా ఉంటుంది. కేసు వివరాలు బయటికి పొక్కకూడదు కాబట్టి ఈ పరీక్షకు వకీలు అనుమతి తీసుకోవాలి.

కాగితం మీద జరిగే నష్టం ఇంకొకటుంది. ఎమోజీ ఒక బొమ్మలా కనబడినా ఫోన్లో అది ఒక నెంబరు. ఆ నెంబరుకు బొమ్మ గీసేది ఫోన్ కంపెనీ. ఒకే ఎమోజీ వేర్వేరు ఫోన్లలో వేర్వేరుగా కనబడి అర్థాలు మారిపోతున్నాయని 2016లో మినెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. వాళ్లు చూసినవాటిలో 😁 ఒకటి. కొన్ని ఫోన్లలో హాయిగా నవ్వుతున్నట్టు ఉన్న ఆ ముఖం అప్పటి ఐఫోన్‌లో పళ్లు బిగించినట్టు కనబడేది. ఆమె పంపిన ముఖం, అతను చూసిన ముఖం ఒకటి కాకపోవచ్చన్నమాట. ఇక కోర్టు ఫైలులోకి వెళ్లేసరికి నలుపు తెలుపు జిరాక్సులో ❤️కూ 🖤కూ తేడా పోతుంది. పాత కంప్యూటర్లో ఫాంటు లేకపోతే బొమ్మ స్థానంలో ఖాళీ డబ్బా అచ్చవుతుంది. మీడియా లేకుండా సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేస్తే స్టిక్కర్లు ఉన్నచోట `<Media omitted>` అన్న వరస మాత్రమే మిగులుతుంది. వెటకారమంతా ఆ స్టిక్కర్‌లోనే ఉంటే అది పోయినట్టే. అందుకని ప్రతి ఎమోజీ పక్కనా అది ఏ బొమ్మో మాటల్లో, వీలైతే దాని నెంబరుతో సహా రాయడం మంచి పద్ధతి. ‘ఎర్ర గుండె’, ‘నల్ల గుండె’ అని రాసి ఉంటే జిరాక్సు ఏమీ చెయ్యలేదు.

నవల్లోనో వెబ్ సిరీస్ సబ్‌టైటిల్లోనో ఇదే సంభాషణ వస్తే అనువాదకుడికి ఇంత కట్టుబాటు లేదు. అక్కడ స్వరాన్ని బొమ్మలోంచి మాటలోకి, మాటలోంచి బొమ్మలోకి మార్చుకోవచ్చు. ఇంగ్లీషు కుర్రాడు 💀 పెడితే నవ్వు ఆపుకోలేకపోతున్నాడని అర్థం. తెలుగు పాఠకుల్లో పెద్దవాళ్లు పుర్రెను చూసి ఉలిక్కిపడతారు. ‘నవ్వలేక చచ్చా’ అని మనకు ఉన్నదే, అది రాసేస్తే సరిపోతుంది. ‘గ్రేట్, జస్ట్ గ్రేట్ 🙃’ అన్నదాన్ని తలకిందుల ముఖం లేకుండానే ‘బాగుంది సంబడం’ అని రాయవచ్చు. అందులో విసురు ఉంది, ఎమోజీ అవసరం పడదు. తెరమీద ఫోను కనబడుతున్నప్పుడు సబ్‌టైటిల్లో మళ్లీ బొమ్మ పెట్టడం అనవసరం, ప్రేక్షకుడు దాన్ని చూస్తూనే ఉంటాడు. కోర్టులో అయితే ఇవేవీ చెయ్యకూడదు. అక్కడ 💀 ఉంటే 💀నే ఉండాలి, దాని వాడుక గురించి గమనిక ఉండాలి.

వకీళ్లకూ, కక్షిదారులకూ నాదొక విన్నపం. మీకు అనుకూలంగా కనబడే నాలుగు స్క్రీన్‌షాట్లు మాత్రమే తెచ్చి అనువదించమని అడగకండి. ఆ ముందూ వెనకా లేకుండా వెటకారాన్ని ఏ అనువాదకుడూ నిజాయితీగా తూచలేడు. మీడియాతో సహా మొత్తం సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వండి, రిప్లైలో మీరు ఏ సందేశానికి జవాబిచ్చారో కనబడేలా స్క్రీన్‌షాట్లు కూడా జతచెయ్యండి. అసలు ఫోన్లో సందేశాలు చెరిపెయ్యకండి, ఫోన్ మార్చినా పాతదాన్ని అమ్మేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కావాలి. అది సంభాషణ నకలుకు సంబంధించింది. అనువాదంలో స్వరం సరిగ్గా వచ్చిందా అన్నది ఆ పత్రం చెప్పదు. కాబట్టి అనువాదం చేతికి రాగానే మీకు తెలిసిన, తెలుగు రాని ఒక మనిషి చేత ఒకసారి చదివించి, ఆవిడ ఒప్పుకుందా కోప్పడిందా అని అడిగి చూడండి.